పదో తరగతి ట్రిగొనామెట్రీలో ఏం మార్చాం, ఎందుకు మార్చాం

తల్లిదండ్రులకు నమస్కారం.

యూనిట్ టెస్ట్ పేపర్లు ఇంటికొచ్చిన రోజు నుంచి రెండు మాటలు నా చెవిన పడుతున్నాయి. "పూరక కోణాలు ట్యూషన్‌లో చెప్పారు, స్కూల్లో వదిలేశారు" అనేది ఒకటి. "లెక్కలు చెప్పకుండా ఎండలో జెండా కర్ర చుట్టూ తిప్పుతున్నారు" అనేది రెండోది. మొదటిదానికి జవాబు చిన్నది. సైన్ (90° − A) భాగం ఇప్పుడు మన సీబీఎస్ఈ పదో తరగతి సిలబస్‌లో లేదు. ట్యూషన్ వాళ్లు పాత నోట్సు మార్చుకోలేదు, అంతే. రెండోదానికి కాస్త ఓపిగ్గా చదవాలి.



టెస్టులో B దగ్గర లంబకోణం ఉన్న త్రిభుజం ఇచ్చాం. AB 12, BC 5. సైన్ A, సైన్ C రాయమన్నాం. కర్ణం 13 అని దాదాపు అందరూ కనుక్కున్నారు. సైన్ A 5/13 అని కూడా సరిగ్గానే రాశారు. కానీ C కి వచ్చేసరికి సగం మంది మళ్లీ 5/13 అనే రాశారు. కోణం మారితే ఎదుటి భుజం మారుతుంది కాబట్టి అక్కడ 12/13 రావాలి. బోర్డు మీద ఎప్పుడూ ఒకేవైపు త్రిభుజం గీసి, ఒకే మూల కోణాన్ని గుర్తించాం. తప్పు మాదే.

అప్పుడు పాఠ్య ప్రణాళిక తీసి ఎన్‌సీఈఆర్‌టీ అభ్యసన ఫలితం పక్కన పెట్టి చూశాం. అది అడిగేవి రెండే: లంబకోణ త్రిభుజంలో ఇచ్చిన లఘుకోణానికి నిష్పత్తులన్నీ కనుక్కోవడం, ఎత్తులు, దూరాల్లాంటి నిత్యజీవిత సమస్యల్లో వాటిని వాడటం. మా పద్నాలుగు పీరియడ్లలో ఆరు సర్వసమీకరణాలకే పోయాయి. సిలబస్ వాటిలో తేలికైనవే చాలంటోంది. ఎత్తులు, దూరాలకు మేం మిగిల్చింది ఒక్క పీరియడ్. ఇప్పుడు సర్వసమీకరణాలను మూడు పీరియడ్లకు తగ్గించి, మిగిలిన మూడూ ఇటు కలిపాం.

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది ప్రణాళికలో ఉన్న ఒక వాక్యం: "విద్యార్థికి నిష్పత్తులు అర్థమవుతాయి". అర్థమైందని ఎలా తెలుస్తుందండీ? తల ఊపితేనా? నేను ఇరవై ఏళ్లు పాఠం చెప్పాను, తల ఊపని క్లాసు ఒక్కటీ చూడలేదు. లక్ష్యమంటే పిల్లాడు ఏం చేసి చూపాలో, ఏ పరిస్థితిలో చూపాలో, ఎంతవరకు చూపితే చాలో రాసి ఉండాలి. ఇప్పుడు మా ప్రణాళికలో ఉన్న వాక్యం ఇది: "త్రిభుజాన్ని ఏ దిక్కుకు తిప్పి గీసినా, రెండు భుజాలిచ్చి ఒక లఘుకోణం చూపితే, ఆ కోణానికి ఆరు నిష్పత్తులూ రాస్తారు, ఐదు త్రిభుజాల్లో నాలుగు తప్పు లేకుండా." దీన్ని పీరియడ్ చివర పది నిమిషాల్లో చూసేయొచ్చు. నాలుగు రానివాళ్లకు మర్నాడు మళ్లీ చెబుతాం.

జెండా కర్ర దగ్గరి పనికీ ఇలాగే లక్ష్యం రాశాం: కొలిచి, పటం గీసి, ఎత్తు లెక్కకట్టి, అది నమ్మదగ్గదో కాదో ఒక వాక్యంలో చెప్పాలి. బి సెక్షన్ మూడో బెంచీ అమ్మాయి గురించి చెప్పకుండా ఉండలేను. వాళ్ల జట్టు 18 మీటర్ల దూరంలో నిలబడి ప్రొట్రాక్టర్‌కు దారం, బరువు కట్టి చూసింది. దారం 60 దగ్గర ఆగింది. 18 ని √3 తో గుణించి, కంటి ఎత్తు 1.4 కలిపి, 32 మీటర్లు దాటిందని రాశారు. "టీచర్, అంత ఎత్తుంటే మన బిల్డింగ్‌కు మూడింతలు ఉండాలిగా" అని ఆ పిల్లే ఆపింది. దారం చూపేది ఊర్ధ్వకోణాన్ని కాదు, 90 లోంచి దాన్ని తీసేస్తే మిగిలేదాన్ని. అంటే అసలు కోణం 30 డిగ్రీలు. 18 ని √3 తో భాగిస్తే 10.4, కంటి ఎత్తు కలిపితే 11.8 మీటర్లు. తర్వాత 6 మీటర్ల దగ్గరికి నడిచి 60 డిగ్రీల కోణంతో మళ్లీ చూస్తే అదే ఎత్తు వచ్చింది. ఆ రోజు స్టాఫ్ రూమ్‌లో అందరికీ ఆ కాగితం చూపించాను, రెండుసార్లు.

ఇక మీతో ఒక చిన్న విన్నపం. ప్రొట్రాక్టర్ పరికరాలు చాలా అందంగా వచ్చాయి. కొన్ని మరీ అందంగా, నాన్నగారి ఆఫీసు లామినేషన్‌తో వచ్చాయి. వాటిని తెచ్చిన పిల్లలకు దారం ఎక్కడ కట్టాలో తెలియలేదు. దయచేసి వంకరగా ఉన్నా పిల్లలనే చేయనివ్వండి. అలాగే రాత్రి పదకొండింటిదాకా ఫార్ములా షీటు బట్టీ పట్టించి పంపితే, మొదటి పీరియడ్‌లో మేం చూసేది ఆవలింతలే.

శనివారం పిల్లల బ్యాగులో ఐదు త్రిభుజాల కార్డు ఉంటుంది. సంతకం పెట్టే ముందు కార్డు తలకిందులు చేసి, వేరే కోణం చూపించి సైన్ అడగండి. మార్కులు ఎన్నని మాత్రం అప్పుడే అడగొద్దు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు