బిల్లుకు మించి వచ్చిన డబ్బు, దాని మీద పన్ను: రాష్ట్ర ఆర్థిక మంత్రి గారికి వరంగల్ నుంచి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆర్థిక మంత్రి గారికి,

నమస్కారాలు. వరంగల్‌లో చిన్న వ్యాపారుల లెక్కలు రాయడం, వాళ్ల జీఎస్టీ రిటర్నులు వేయడం నా వృత్తి. జీఎస్టీ మండలిలో తెలంగాణ తరఫున మాట్లాడవలసింది మీరే కాబట్టి ఈ లేఖ మీకు రాస్తున్నాను. మండలి సమావేశాల్లో రేట్ల గురించి గంటల తరబడి చర్చ జరుగుతుంది. నేను అడిగేది రేటు గురించి కాదు. పార్టీ బిల్లు కంటే ఎక్కువ డబ్బు పంపినప్పుడు, ఆ ఎక్కువ మొత్తాన్ని తర్వాతి బిల్లులో సర్దేదాకా, లేదా తిరిగి పంపేదాకా, చట్టం దాన్ని ఎలా చూస్తోందన్నదే నా విషయం.

ఒక లెక్క చెబుతాను. పేర్లు అవసరం లేదు. మా దగ్గర రైస్ మిల్లు యంత్రాలు బాగు చేసే చిన్న వర్క్‌షాపు ఒకటి ఉంది. వానాకాలం వడ్లు రాకముందే మిల్లులన్నీ యంత్రాలను సర్వీసు చేయించుకుంటాయి కాబట్టి సెప్టెంబరులో వాళ్లకు ఊపిరాడదు. సుల్తానాబాద్ వైపు మిల్లు ఒకదానికి ఆ నెలాఖరులో ₹40,000 పని చేసి, 18 శాతం పన్ను ₹7,200 కలిపి ₹47,200కు బిల్లు ఇచ్చారు. మిల్లు గుమాస్తా ఫోనులో అంకెలు కొట్టేటప్పుడు 4, 7 తారుమారయ్యాయి. వర్క్‌షాపు ఖాతాలో ₹74,200 పడింది. అంటే ₹27,000 ఎక్కువ.

ఇలాంటి పొరపాటును పట్టుకోవడానికి మా వృత్తిలో పాత చిట్కా ఒకటుంది. తేడా 9తో నిశ్శేషంగా భాగించబడితే ముందుగా అంకెలు తారుమారయ్యాయేమో చూస్తాం. 27,000ను 9తో భాగిస్తే సరిగ్గా 3,000. అయితే చిట్కా పనిచేయాలంటే ముందు తేడా కంటపడాలి. చాలా చోట్ల కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రవాడు వచ్చిన డబ్బు మొత్తాన్ని ఏ బిల్లుకూ జత చేయకుండా On Account అని వేసి వదిలేస్తాడు. అప్పుడు ₹47,200 బిల్లు బాకీగానే కనిపిస్తూ ఉంటుంది. వసూళ్లు చూసే మనిషి మిల్లుకు ఫోన్ చేసి, తిరిగి తామే డబ్బు ఇవ్వవలసిన పార్టీని బాకీ కట్టమని అడుగుతాడు. అందుకే ₹47,200ను ఆ బిల్లు నంబరుకు జత చేసి, మిగిలిన ₹27,000ను విడిగా ఉంచాలి. ఏడాది చివర బ్యాలెన్స్ షీటులో కూడా దాన్ని ఇతర బాకీదారుల మొత్తంలో కలిపేయకుండా, మనం చెల్లించవలసిన వాటి వైపు చూపాలి. ఇంతవరకు ఖాతా పుస్తకం పని. ఇందులో చట్టానికి పేచీ లేదు.

పేచీ అంతా ఆ తర్వాతే. వర్క్‌షాపు యజమాని మిల్లుకు ఫోన్ చేసి డబ్బు ఎక్కువ వచ్చిందని చెప్పారు. “ఉండనివ్వండి, మళ్లీ మీతో పని పడుతుంది కదా, వచ్చే బిల్లులో పట్టుకోండి” అన్నారు అవతలివాళ్లు. మన ప్రాంతంలో ఏళ్ల తరబడి లావాదేవీలున్న పార్టీలు మాట్లాడుకునే తీరు ఇదే. తిరిగి పంపమని అడగడం అపనమ్మకంగా ఉంటుందని కూడా అనుకుంటారు. అలా అన్నప్పుడు ఇద్దరిలో ఎవరికీ పన్ను గుర్తుకు రాదు.

కేంద్ర జీఎస్టీ చట్టం సెక్షన్ 13(2) ప్రకారం, సేవ అందించేవారికి ముందుగా డబ్బు వస్తే, వచ్చిన రోజే పన్ను బాధ్యత పుడుతుంది. బిల్లుకు మించి వచ్చే డబ్బు సంగతి చట్టం రాసినవారికి తట్టకపోలేదు. అదే సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. బిల్లు మొత్తం మీద ₹1,000 వరకు ఎక్కువ వస్తే, ఆ ఎక్కువ మొత్తానికి సంబంధించి తర్వాత ఇచ్చే బిల్లు తేదీనే పన్ను తేదీగా ఎంచుకోవచ్చు. ₹47,200కు బదులు లెక్క సమంగా ఉంటుందని ₹47,500 పంపే పార్టీలకు ఇది చక్కగా సరిపోతుంది. ₹27,000 మాత్రం దీని కిందకు రాదు. పొరపాటున వచ్చింది కాబట్టి అది అడ్వాన్సు కాదని వాదించవచ్చు. కానీ ₹1,000 వరకే మినహాయింపు అని చట్టంలో రాసి ఉన్నప్పుడు, అంతకు మించినదాన్ని వదిలేయమని ఏ లెక్కలవాడూ ధైర్యంగా చెప్పలేడు. నేనూ చెప్పలేను.

కాబట్టి కట్టాలి. ₹27,000 లోపలే పన్ను ఉన్నట్టు లెక్కవేస్తే 118లో 18 వంతులు, అంటే ₹4,118.64. అందులో కేంద్రానికి ₹2,059.32, రాష్ట్రానికి అంతే. దీనికి రసీదు వోచరు రాయాలి. అమ్మకాల వివరాలు చూపే జీఎస్టీఆర్-1 రిటర్నులో, అడ్వాన్సులు రాసే 11A పట్టికలో చూపాలి. అక్టోబరు 20లోగా 3బీ రిటర్నుతో డబ్బు కట్టాలి. ఇంతా చేస్తే మిల్లుకు దీని మీద ఇన్‌పుట్ క్రెడిట్ రాదు, అంటే తాను కట్టవలసిన పన్నులో దీన్ని తగ్గించుకోలేదు. సేవ అందాలి, బిల్లు చేతికి రావాలి, అప్పుడే ఆ క్రెడిట్ వస్తుంది. అంటే ఒక గుమాస్తా వేలు జారినందుకు ఖజానాకు నాలుగు వేల చిల్లర ముందుగా చేరింది. ఆ డబ్బు వర్క్‌షాపు జేబులోంచి వెళ్లింది, మిల్లుకు దాని వల్ల పైసా లాభం లేదు.

ఇదే వర్క్‌షాపు బేరింగులు, బెల్టులు కూడా అమ్ముతుంది. సర్వీసు బిల్లు మీద కాకుండా బేరింగుల బిల్లు మీద ఇదే ₹27,000 ఎక్కువ వచ్చి ఉంటే పన్ను ఊసే ఉండేది కాదు. సరుకుల మీద అడ్వాన్సు అందిన రోజే పన్ను కట్టాలన్న నిబంధనను 2017 నవంబరు 15న 66/2017 నోటిఫికేషన్‌తో తీసేశారు. సేవల మీద అలాగే ఉంచారు. అదే దుకాణం, అదే పార్టీ, అదే పొరపాటు. పన్ను పడుతుందా లేదా అన్నది ఏ బిల్లు కట్టబోయి ఎక్కువ కట్టారన్న దాని మీద ఆధారపడి ఉంది. పోనీ ఆ డబ్బును చివరికి దేనికి సర్దుతారో ముందే తెలుసా అంటే అదీ లేదు. వచ్చే బిల్లు పనిదో, బెల్టులదో ఎవరు చెప్పగలరు?

నవంబరులో ఆ మిల్లుకు మళ్లీ ఒక పని పడింది. ₹15,000, పన్ను ₹2,700, మొత్తం ₹17,700. ఆ బిల్లును నిల్వలోంచి సర్దారు, జీఎస్టీఆర్-1లో 11B పట్టికలో చూపారు. ఇక్కడ చిక్కేమీ రాలేదు. ముందు కట్టిన పన్నులో ₹2,700 ఇలా చెల్లిపోయింది. మిగిలింది ₹9,300. డిసెంబరులో మిల్లువాళ్లు వేరేచోట సర్వీసు ఒప్పందం కుదుర్చుకుని ఆ డబ్బు అడిగారు. యజమాని అదే రోజు పంపారు, రీఫండ్ వోచరు రాశారు. వ్యాపారి వైపు నుంచి వ్యవహారం అక్కడితో ముగిసింది. కానీ ఆ ₹9,300లో ఖజానాకు చేరిన ₹1,418.64 పన్ను మిగిలే ఉంది. చేయని సేవ మీద కట్టిన పన్ను అది.

11B పట్టిక ఆ నెలలో చూపిన బిల్లులకు అడ్వాన్సును సర్దడానికే ఉంది. బిల్లు లేకుండా తిరిగి ఇచ్చిన డబ్బుకు అందులో చోటు లేదు. కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2020 ఏప్రిల్ 13న ఇచ్చిన 137వ సర్క్యులర్ ఒక దారి చెప్పింది. బిల్లు ఇవ్వకుండానే అడ్వాన్సు తిరిగి ఇస్తే, రీఫండ్ వోచరు రాసి, ఎక్కువ కట్టిన పన్ను కింద RFD-01 ఫారంలో వాపసు కోరవచ్చు. చదివితే న్యాయంగానే కనిపిస్తుంది. అయితే సెక్షన్ 54(14) ప్రకారం ₹1,000 కంటే తక్కువ మొత్తం వాపసు ఇవ్వరు. మాది ₹1,418 కాబట్టి ఫరవాలేదని మీరు అనుకోవచ్చు, మొదట యజమాని కూడా అలాగే అనుకున్నారు. ఆ ₹1,000 పరిమితిని కేంద్ర పన్నుకు, రాష్ట్ర పన్నుకు విడివిడిగా చూడాలని 2019 నాటి 125వ సర్క్యులర్ చెబుతోంది. కేంద్రం వైపు ₹709.32, రాష్ట్రం వైపు ₹709.32. రెండూ వెయ్యి లోపే. రెండూ రావు.

దీన్ని వెనక్కి లెక్కవేసి చూశాను. 18 శాతం రేటు మీద, రాష్ట్రం లోపలి లావాదేవీలో, తిరిగి ఇచ్చిన మొత్తం ₹13,111 దాటితే తప్ప ఒక్కో పన్ను వెయ్యికి చేరదు. అంటే బిల్లు మీద వెయ్యి దాటి, పదమూడు వేల వరకు ఎక్కువ వచ్చిన డబ్బును పన్ను కట్టాక తిరిగి ఇచ్చిన ప్రతి చిన్న వ్యాపారీ ఆ పన్నును వదులుకోవలసిందే. వచ్చేటప్పుడు చట్టం దాన్ని పెద్ద మొత్తంగా చూస్తుంది, వెళ్లేటప్పుడు చిల్లరగా చూస్తుంది.

అందుకని చాలామంది ఏం చేస్తున్నారో మీకు తెలియాలి. ఆ డబ్బును On Account కింద ఉంచి, పన్ను సంగతి ఎత్తరు. నెల తిరిగేలోపు తిరిగి పంపేస్తే పన్ను రిటర్నులో చూపవలసింది ఏమీ మిగలదు కాబట్టి, మేము కూడా పార్టీ వద్దన్నా సరే నెలాఖరులోగా పంపేయమని సలహా ఇస్తాం. దాంతో సర్దుకుందామని మాట అనుకున్న ఇద్దరు వ్యాపారులు పన్ను కోసం డబ్బును అటు ఇటు తిప్పుకోవలసి వస్తోంది. పంపకుండా వదిలేసినవాళ్లు ఆడిట్‌లో బ్యాంకు స్టేట్‌మెంటుకు, రిటర్నుకు తేడా వచ్చినప్పుడు ఏడాదికి 18 శాతం వడ్డీతో సమాధానం చెప్పుకోవాలి. ₹4,118 మీద నెల వడ్డీ ₹62 లోపే. నోటీసుకు జవాబు రాయించడానికి మాత్రం దానికి ఎన్నో రెట్లు ఖర్చవుతుంది. ఆ ఖర్చులో కొంత నా ఫీజు అని ఒప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు.

అడ్వాన్సు మీద పన్ను ఎందుకు పెట్టారో నాకు తెలుసు. అది లేకపోతే డబ్బు ముందే తీసుకుని, బిల్లు నెలల తరబడి ఆపి, పన్ను వాయిదా వేసేవాళ్లు ఉంటారు. నేను ఆ తలుపు తెరవమనడం లేదు. అదే చట్టం సెక్షన్ 2(31)లో డిపాజిట్ గురించి మంచి మాట ఒకటి ఉంది. సరఫరా కోసం ఇచ్చిన డిపాజిట్‌ను సరఫరాదారు ప్రతిఫలంగా సర్దుకున్నప్పుడే అది చెల్లింపు అవుతుంది. బిల్లుకు మించి పొరపాటున వచ్చి, పుస్తకంలో విడిగా చూపిన డబ్బుకు కూడా ఇదే సూత్రం వర్తించాలి. తర్వాతి బిల్లుకు సర్దిన రోజున పన్ను పడాలి, తిరిగి పంపితే పడకూడదు. దుర్వినియోగం జరుగుతుందన్న భయం ఉంటే గడువు పెట్టండి. ఆరు నెలల్లో సర్దకపోయినా, తిరిగి ఇవ్వకపోయినా పన్ను కట్టమనండి. మూల బిల్లు నంబరు, బ్యాంకు రసీదు నంబరు చూపమనండి. అవి మా దగ్గర ఎలాగూ ఉంటాయి.

ఇంత మార్పుకు కాలం పడుతుందనుకుంటే, ముందు రెండు చిన్న పనులు మండలిలో మొదలుపెట్టవచ్చు. సెక్షన్ 13(2)లో 2017లో రాసిన ₹1,000 పరిమితిని బిల్లు విలువలో కొంత శాతంగా మార్చమని కోరండి. అలాగే రీఫండ్ వోచరు రాసి తిరిగి ఇచ్చిన అడ్వాన్సును రిటర్నులోనే తగ్గించుకునేలా 11B పట్టికలో ఒక గడి చేర్పించండి. అప్పుడు ఆ వర్క్‌షాపు ₹1,418.64 కోసం ఎవరికీ దరఖాస్తు పెట్టుకోనవసరం లేదు. తర్వాతి నెల కట్టే పన్నులో అది తగ్గిపోతుంది.

సెక్షన్ల వారీగా ఈ లెక్కను, పేర్లు కొట్టేసిన వోచర్ల నకళ్లను మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాను.

ఇట్లు,
చిన్న వ్యాపారుల లెక్కలు రాసే ఒక పౌరుడు,
వరంగల్