మెయిల్ లిస్టుల పని గురించి మా కస్టమర్లకు

“థ్రెడ్ మొత్తం కాపీ చేసి మీకు పంపాను కదండీ. పేర్లు ఒక కాలమ్‌లో, మెయిల్ ఐడీలు ఇంకో కాలమ్‌లో పెట్టడానికి ఇంత టైమెందుకు? పైగా కొన్ని గడులు ఖాళీగా వదిలేశారేంటి?”

పూర్వ విద్యార్థుల కలయికకు ఆహ్వానాలు వేయిస్తున్న ఒక కస్టమర్ అడిగారు. డీటీపీ, శుభలేఖల పనితో పాటు మెయిల్ థ్రెడ్‌లోంచి పేర్లు, ఐడీలు ఏరి లిస్టు చేసే ఈ పని కూడా ఎక్కువగా వస్తోంది కాబట్టి, లోపల ఏం జరుగుతుందో అందరికీ ఒకేసారి చెబుతున్నాను. రేటు కూడా మారుస్తున్నాం, అది చివర్లో ఉంది.

ఐడీలు ఏరడం నిమిషాల పని. ఏ ఐడీ పక్కన ఏ పేరు ఉండాలో తేల్చడానికే టైమ్ పడుతుంది. పదిమంది పది రకాల మెయిళ్ల నుంచి జవాబులిచ్చిన థ్రెడ్‌ని కాపీ చేస్తే మా దగ్గరకు ఇలా వస్తుంది (పేర్లు, ఐడీలు నమూనాకు రాసినవే):

```
> > From: "Rao, Suresh" <suresh.r@example.com>
> > To: Lakshmi K <lakshmi@example.org>; Ramana; "Devi" <
> > devi.p@example.net>
> Cc: suresh.r@EXAMPLE.com, srinu@example.org.
> [cid:image001.png@01DB8D2A.4F3C1E70]
```

చూడగానే ఎవరికైనా తట్టేది, కామా ఉన్నచోటల్లా విడగొడదామని. అక్కడే లిస్టు పాడవుతుంది. మొదటి వరుసలో కామా ఉన్నది ఒకే మనిషి పేరు మధ్యలో. ఆఫీసు మెయిళ్లలో చాలాచోట్ల ఇంటిపేరు ముందు పెట్టి, కామా కొట్టి, తర్వాత అసలు పేరు రాస్తారు. కామా దగ్గర కోస్తే రావు ఒక మనిషి, సురేష్ ఇంకో మనిషి అయిపోతారు. అదీగాక జీమెయిల్ ఐడీల మధ్య కామా పెడుతుంది, అవుట్‌లుక్ సెమికోలన్ పెడుతుంది. ఒకే థ్రెడ్‌లో రెండూ ఉంటాయి.

అందుకే మేం కామాని నమ్మం. పేరుతో పాటు వచ్చే ప్రతి ఐడీ చివర `>` గుర్తు ఉంటుంది. అక్కడ విడగొడితే పేరులో ఎన్ని కామాలున్నా ఇబ్బంది లేదు. అయితే జవాబుకి జవాబు ఇచ్చినప్పుడు వరుసల మొదట్లో పడే గుర్తు కూడా అదే. కాబట్టి ముందు వాటిని తీసేసి, ఆ తర్వాతే కోయాలి. ఈ క్రమం తప్పితే మిగతా పనంతా తప్పుతుంది.

నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో రీప్లేస్ పెట్టె తెరిచి, కింద రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అన్నది ఎంచుకుని, ఈ నాలుగూ ఇదే వరుసలో నడుపుతాం. బాణం ఎడమవైపు ఉన్నది వెతికేది, కుడివైపు ఉన్నది దాని బదులు పెట్టేది. కుడివైపు ఏమీ లేకపోతే ఆ పెట్టె ఖాళీగా వదలాలి.

```
^[> \t]+     →
<\s+         →  <
>[,;\s]*     →  >\n
"            →
```

మొదటిది వరుసల ముందున్న గుర్తులను తుడిచేస్తుంది. రెండోది దేవి గారి ఐడీలాంటి వాటి కోసం. జీమెయిల్ పొడవైన వరుసని విరిచేటప్పుడు చాలాసార్లు సరిగ్గా `<` తర్వాతే విరుస్తుంది, ఐడీ కింది వరుసలో పడుతుంది. దాన్ని పైకి లాగి అతికించాలి. మూడోది ఒక్కో ఐడీని ఒక్కో వరుసలోకి తెస్తుంది. నాలుగోది కోట్స్ తీసేస్తుంది. కోట్‌తో మొదలయ్యే వరుసల్ని గూగుల్ షీట్‌లో అలాగే పేస్ట్ చేస్తే ఒకదాన్లో ఒకటి కలిసిపోయే ప్రమాదం ఉంది.

ఇప్పుడు ఆ వరుసలన్నీ షీట్‌లో A కాలమ్‌లో A2 నుంచి పెట్టి, పేరుకి B2లో, ఐడీకి C2లో ఈ ఫార్ములాలు వేసి కిందికి లాగుతాం:

```
=IFERROR(TRIM(REGEXREPLACE(REGEXEXTRACT(A2,"^(.*)<"),"^(From:|To:|Cc:)","")),"")
=IFERROR(LOWER(REGEXEXTRACT(A2,"<([^<>]+@[^<>]+)>")),"")
```

మన నమూనాలో మొదటి మూడు వరుసలకే పేరు, ఐడీ రెండూ వస్తాయి. మూడో వరుసలో పేరు “Ramana; Devi” అని వస్తుంది. పేరు గడిలో సెమికోలన్ కనిపించిందంటే, ఐడీ లేని మనిషి ఒకరు పక్కవాళ్ల గడిలో ఇరుక్కున్నారని అర్థం. అలాగే పేరు గడిలో `@` కనిపిస్తే, పేరు లేని ఐడీ ఒకటి ఆ వరుస ముందు అతుక్కుందని అర్థం. ఫార్ములా వేశాక మేం చూసే మొదటి తనిఖీ ఇదే.

నాలుగో వరుసలో ఐడీలకు `<` `>` లేవు కాబట్టి ఫార్ములాకి అవి చిక్కవు. వాటిని చేత్తో తీస్తాం. వాక్యం చివర పడిన చుక్క ఐడీలో భాగం కాదు, దాన్ని తీసేయాలి. చుక్కతో సహా పెడితే మెయిల్ వెళ్లదు. పెద్దక్షరాల్లో `EXAMPLE` ఉన్న ఐడీ మొదటి వరుసలోని సురేష్ గారిదే. ఐడీలో `@` తర్వాతి భాగానికి పెద్ద, చిన్న అక్షరాల తేడా లేదు. ముందు భాగంలో తేడా ఉండొచ్చని నియమాలు ఒప్పుకుంటాయి గానీ, మనం వాడే సర్వీసులు ఆ తేడా చూడవు. అందుకే అన్నీ చిన్న అక్షరాల్లోకి మారుస్తాం.

చివరి వరుస మెయిల్ ఐడీలా కనిపిస్తుంది గానీ కాదు. అది సంతకం కింద పెట్టుకున్న కంపెనీ లోగో బొమ్మకు అవుట్‌లుక్ ఇచ్చుకున్న గుర్తు. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే ఐడీలు ఏరే సాధనాలు `@` కనిపిస్తే చాలు లాగేస్తాయి కాబట్టి, వాటిలో చేసిన లిస్టుల్లో `image001.png` తో మొదలయ్యే ఐడీలు తరచూ దొరుకుతాయి. మీ దగ్గర ఇప్పటికే అలాంటి లిస్టు ఉంటే ఒకసారి వెతికి చూడండి.

ఇవన్నీ అయ్యాక లెక్క సరిపోవాలి. అసలు పేస్ట్‌లో `@` ఎన్నిసార్లు ఉందో నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో కౌంట్ బటన్ చెబుతుంది. మన నమూనాలో 6. లిస్టులోకి వచ్చిన ఐడీలు 4 (సురేష్, లక్ష్మి, దేవి, శ్రీను), రెండోసారి వచ్చినది 1, బొమ్మ గుర్తు 1. మొత్తం 6, సరిపోయింది. ఒక్కటి తగ్గినా ఎవరో ఒకరు జారిపోయారన్నమాట. ఈ లెక్క కుదరకుండా మా షాపు నుంచి లిస్టు బయటికి వెళ్లదు.

ఇక ఖాళీ గడుల సంగతి. రమణ గారి పేరు ఉంది, ఐడీ లేదు. ఒకే ఆఫీసులో వాళ్లు రాసుకునే మెయిళ్లలో అవుట్‌లుక్ చాలాసార్లు పేరు మాత్రమే చూపిస్తుంది, కాపీ చేస్తే పేరే వస్తుంది. అదే ఆఫీసులో ఇంకొకరి ఐడీ చూసి, “అందరిదీ ఇదే పద్ధతిలో ఉంటుందిలే” అని రమణ గారి ఐడీ తయారుచేయడం మాకు చేతనవుతుంది. కానీ చేయం. ఆ పేరుతో ఆ ఆఫీసులో ఇంకో రమణ ఉంటే మీ ఇంటి కబురు పరాయి మనిషికి వెళ్తుంది. అలాంటి ఐడీ అసలు లేకపోతే మెయిల్ తిరిగొస్తుంది, మీకు తెలుస్తుంది. వేరేవాళ్లకి చేరితే తెలియను కూడా తెలియదు.

శ్రీను గారి విషయంలో ఐడీ ఉంది, పేరు లేదు. ఐడీ చూసి శ్రీను అని నేనిక్కడ రాశాను గానీ, లిస్టులో ఆ గడి ఖాళీగానే ఉంటుంది. శ్రీనివాస్, శ్రీనివాసరావు, శ్రీనుబాబు, ఎవరైనా కావచ్చు. ఒక్కోసారి భర్త ఐడీ నుంచి భార్య రాస్తారు. ముందు థ్రెడ్‌లో ఆ ఐడీ నుంచి వచ్చిన మెయిల్ కింద సంతకం ఉందేమో వెతుకుతాం. ఉంటే ఆ పేరు పెడతాం, లేకపోతే మీకు వదిలేస్తాం. మీ బ్యాచ్‌మేట్ ఎవరో మీకు ఒక్క చూపులో తెలుస్తుంది.

ఒకే మనిషి పేరు మూడు రకాలుగా వచ్చినప్పుడు కూడా యంత్రానికి వదలం. షీట్‌ని ఐడీ కాలమ్ ప్రకారం సార్ట్ చేస్తే ఒకే ఐడీ ఉన్న వరుసలు పక్కపక్కన చేరతాయి. వాటిలో నిండుగా ఉన్న పేరు ఉంచి మిగతావి తీసేస్తాం. కామాతో వచ్చిన “Rao, Suresh” ని సంతకం చూసి సరిచేస్తాం. ఆహ్వానం మీద “ప్రియమైన రావు గారికి” అని పడితే చదివినవాళ్లకి అది తన పేరని అనిపించదు. ఒకే మనిషికి రెండు వేర్వేరు ఐడీలుంటే రెండూ ఉంచి రంగు వేసి ఇస్తాం. ఏది వాడుతున్నారో మీరే చెప్పాలి.

మీ వైపు నుంచి ఒక్క సాయం కావాలి. జీమెయిల్‌లో తెర మీద ఉన్నది కాపీ చేయకండి. అక్కడ ఎవరెవరికి వెళ్లిందో ఉత్త పేర్లే కనిపిస్తాయి, ఐడీలు లోపల దాగి ఉంటాయి. కంప్యూటర్‌లో థ్రెడ్ తెరిచి, కుడివైపు పైన ఉండే `Print all` నొక్కి, పీడీఎఫ్‌గా సేవ్ చేసి పంపండి. ప్రతి మెయిల్ మీద పేరు, ఐడీ రెండూ వస్తాయి. పేర్లు తక్కువగా దొరికితే ఆ మెయిల్ పక్కన మూడు చుక్కల్లో `Show original` కి వెళ్లి డౌన్‌లోడ్ చేసి పంపినా సరే. అందులో తెలుగులో రాసుకున్న పేర్లు `=?UTF-8?B?4LCw4LC14LC/?=` లాగా కనిపిస్తాయి. కంగారు పడకండి, అది “రవి” అనే. మేం విప్పి రాస్తాం. బీసీసీలో పెట్టిన వాళ్లు మాత్రం, మీకొచ్చిన మెయిల్‌లో ఏ పద్ధతిలోనూ కనిపించరు.

రేటు ఇంతకుముందు పేజీకి తీసుకునేవాళ్లం. ఒకే మెయిల్ మళ్లీ మళ్లీ కోట్ అయ్యే థ్రెడ్‌లో పేజీలు పెరుగుతాయి, మనుషులు పెరగరు. అది మీకు న్యాయం కాదు. ఇకనుంచి పూర్తయిన లిస్టులో వరుసకు 2 రూపాయలు. పేరో ఐడీయో ఖాళీగా ఉన్న వరుసకు ఏమీ తీసుకోం. ఖాళీలు మీరు నింపి పంపితే లిస్టులో చేర్చి మళ్లీ ఇవ్వడం ఉచితం.

ఒక పని మాత్రం ఒప్పుకోవడం లేదు. ఎవరిదో థ్రెడ్ తెచ్చి, అందులోని ఐడీలకు వ్యాపార ప్రకటనలు పంపడానికి లిస్టు చేయమంటే చేయం. స్నేహితుల్ని, బంధువుల్ని పిలుచుకోవడం సొంత పని, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం దాన్ని తన పరిధిలోంచి మినహాయించింది. ప్రకటనలు అలా కాదు. ఆ ఐడీలిచ్చిన వాళ్లు ఒక కలయిక కోసం ఇచ్చారు, స్థలాల బేరాల కోసం కాదు. మీ లిస్టు మీకు అందిందని మీరు చెప్పిన రోజునే మా కంప్యూటర్‌లోంచి థ్రెడ్‌నీ లిస్టునీ రెండింటినీ తీసేస్తాం. కాబట్టి మీ కాపీ జాగ్రత్తగా పెట్టుకోండి, మళ్లీ అడిగితే మా దగ్గర ఉండదు.