రన్నింగ్ ఫుట్ ధర వెనక ఏముంది: మా వార్డ్‌రోబ్ కొటేషన్లలో మార్పు

"మీరు రన్నింగ్ ఫుట్‌కు 11,860 రూపాయలు చెప్పారు. మా వీధిలోని కార్పెంటర్ 8,500కే చేస్తానంటున్నాడు. ఇద్దరూ మంచి ప్లైవుడ్ అనే అంటున్నారు. మరి అడుగుకు మూడు వేలకు పైగా తేడా ఎక్కడి నుంచి వస్తోందండీ?"

బాచుపల్లిలో కొత్త ఫ్లాట్ తీసుకున్న ఒక కస్టమర్ గత వారం పంపిన సందేశం ఇది. ఆయన అడిగినది ఏడడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు, రెండడుగుల లోతు ఉన్న నాలుగు తలుపుల వార్డ్‌రోబ్. ఆయనకు పంపిన లెక్కనే ఇక్కడ అందరి ముందూ ఉంచుతున్నాను, ఎందుకంటే ఈ నెల నుంచి మా కొటేషన్లన్నీ ఇదే పద్ధతిలో ఉంటాయి.

రన్నింగ్ ఫుట్ అంటే గోడ వెంట వెడల్పును మాత్రమే కొలవడం. ఎత్తు, లోపలి అరలు, సొరుగులు, లోపల మైకా వేశారా లేదా అన్నవేవీ ఆ కొలతలో కనిపించవు. కాబట్టి ధరను పోల్చే ముందు షీట్లు లెక్కపెట్టాలి. ప్లైవుడ్ షీట్ ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉంటుంది. దానిని నిలువుగా రెండుగా కోస్తే రెండడుగుల లోతుకు సరిపోయే రెండు పలకలు వస్తాయి. ఈ వార్డ్‌రోబ్‌కు రెండు పక్క పలకలు, మధ్యలో రెండు నిలువు పలకలు కలిపి రెండు షీట్లు పడతాయి. పై పలకకూ అడుగు పలకకూ కలిపి ఒకటి, సన్న గదుల్లోని ఎనిమిది అరలకు ఒకటి, బట్టలు వేలాడదీసే పెద్ద గదిపై అరకూ కింది స్కర్టింగ్‌కూ అర షీటు, తలుపులకు రెండు అవసరం. సొరుగుల ముందు పలకలతో కలిపి 18 మిల్లీమీటర్ల షీట్లు ఏడు అవుతాయి. ఇవి కాక సొరుగు పెట్టెలకు 12 మిల్లీమీటర్లది ఒకటి, వెనక గోడకు 6 మిల్లీమీటర్లవి రెండు కావాలి. వెనక రెండు షీట్ల అతుకు సరిగ్గా మధ్య నిలువు పలక మీదకు వచ్చేలా గదులను పంచుకుంటాము. అలా కాకపోతే అతుకు దగ్గర షీటు లోపలికి ఉబ్బి కనిపిస్తుంది.

నేను ప్రస్తుతం కొంటున్న ధరల ప్రకారం ఐఎస్ 710 అనే భారతీయ ప్రమాణం ముద్ర ఉన్న 18 మిల్లీమీటర్ల షీటు 3,680 రూపాయలు, ఎం.ఆర్. రకం షీటు 2,400 రూపాయలు. ఏడు షీట్లకు తేడా 8,960, అంటే అడుగుకు 1,280. రెండూ 'మంచి ప్లైవుడ్' అనిపించుకునేవే, కానీ ఎం.ఆర్. రకంలోని జిగురు గాలిలోని తేమను తట్టుకోగలదే తప్ప నిలిచిన తడిని తట్టుకోలేదు. ఐఎస్ 710 ప్లైవుడ్ మాత్రం 72 గంటలు మరిగే నీటిలో ఉంచినా పొరలు విడిపోకూడదన్నది ఆ ప్రమాణంలోని పరీక్ష. షీటు మీద ముద్రతో పాటు లైసెన్స్ నంబరు ఉందో లేదో చూడండి. మందాన్ని మీరే కొలవండి, ఎందుకంటే 18 అని బిల్లు రాసి పదహారున్నర పంపడం కొత్తేమీ కాదు.

ఈ విషయంలో నా తప్పు కూడా చెప్పాలి. రెండేళ్ల క్రితం నిజాంపేటలో ఒక ఇంట్లో బాత్‌రూమ్ గోడకు ఆనుకుని ఉన్న వార్డ్‌రోబ్‌ను ధర తగ్గించడానికి మొత్తం ఎం.ఆర్.లోనే చేశాను. రెండో వానాకాలానికి అడుగు పలక ఉబ్బింది, పక్క పలక కింది అంచు మైకాను తోసుకుని బయటికి వచ్చింది. నా ఖర్చుతోనే మార్చాను. ఆ తర్వాత ఒక పద్ధతి పెట్టుకున్నాను: పొడి గోడ దగ్గర ఎం.ఆర్. వాడవచ్చు, కానీ అడుగు పలక, పక్క పలకలు, స్కర్టింగ్ మాత్రం 710లోనే ఉండాలి. ఇందుకు రెండు షీట్లు మాత్రమే మారతాయి కాబట్టి పూర్తిగా 710కి వెళ్తే అయ్యే 8,960కి బదులు 2,560 రూపాయలే అదనంగా పడుతుంది. బాత్‌రూమ్ గోడ అయితే ఈ రాయితీ లేదు, పూర్తిగా 710 తప్ప నేను చేయను.

రెండవ పెద్ద తేడా కస్టమర్లు సాధారణంగా అడగనే అడగరు. అది లోపలి మైకా. తలుపుల లోపలి వైపు, నిలువు పలకలకు రెండు వైపులా, అరలకు పైనా కిందా, వెనక గోడకు వేస్తే పదకొండు షీట్లు పడుతుంది, బయటి రంగు మైకాకేమో మూడే షీట్లు. షీటు 650 చొప్పున లోపలిది 7,150 రూపాయలు. తక్కువ ధర చెప్పేవారు చాలాసార్లు లోపల మైకా వేయకుండా రంగు పూస్తారు, దానికి పదిహేను వందలు అవుతుంది. అరలకు రంగు పూస్తే పెద్ద నష్టం లేదు. తలుపులకు మాత్రం ఒక వైపే మైకా వేస్తే రెండు వైపులా తేమ సమానంగా పీల్చుకోక పలక విల్లులా వంగుతుంది, తలుపు మూసినప్పుడు పైమూలో కిందిమూలో బయటికి నిలబడి కనిపిస్తుంది. హింజి ఎంత బిగించినా అది సర్దుకోదు.

కూలీని హైదరాబాద్‌లో ఎక్కువగా ముందు భాగపు చదరపు అడుగును బట్టి మాట్లాడతారు. ఈ పనిలో అది 49 చదరపు అడుగులు. లోపల మైకాతో సహా నేను 350 చొప్పున 17,150 ఇస్తున్నాను. ప్రతి పలకకు రెండు వైపులా జిగురు రాసి, మైకా పరిచి, అంచులు కోయాలి కనుక లోపలి మైకా లేకపోతే కూలీ 250కే పూర్తవుతుంది, అక్కడ 4,900 తగ్గుతుంది. ఫిటింగులలో నాలుగు తలుపులకు నాలుగేసి చొప్పున పదహారు హింజెస్ పడతాయి. నెమ్మదిగా మూసుకునే రకం ఒక్కొక్కటి 180, మామూలువి 70, అంటే తేడా 1,760. సొరుగుల ఛానెళ్లు, హ్యాండిళ్లు, తాళాలు, రాడ్ ఎవరు చేసినా దాదాపు ఒకటే.

మొత్తంగా నా లెక్కలో ప్లైవుడ్ 31,680, మైకా 11,650, జిగురు, ఎడ్జ్ బ్యాండ్, స్క్రూలు 3,500, ఫిటింగులు 6,930, కూలీ 17,150, రవాణా 1,500, నా లాభం 10,590, కలిపి 83,000 అయింది, జీఎస్టీ వేరు. ఆ కార్పెంటర్ లెక్కలో 59,500. ఈ 23,500 తేడాలో 21 వేలకు పైగా పైన చెప్పిన నాలుగింటిలోనే దొరుకుతుంది: ప్లైవుడ్ రకం, లోపలి మైకా, కూలీ, హింజెస్. మిగిలినది సన్న షీట్లలోనూ లాభంలోనూ ఉండవచ్చు. ఆయన మోసం చేస్తున్నాడని నేను అనడం లేదు. ఆయన చేయబోయేది వేరే వార్డ్‌రోబ్, అంతే.

ఇక మా మార్పు సంగతి. ఇకపై కొటేషన్‌లో షీట్ల సంఖ్య, ముద్ర, హింజి రకం, కూలీ విడివిడిగా రాస్తాము. అటకను ఎత్తులో కలిపేయకుండా దాని ముందు భాగాన్ని వేరుగా కొలుస్తాము. మూడడుగుల చిన్న వార్డ్‌రోబ్‌లకు పాత రన్నింగ్ ఫుట్ రేటు ఇక వర్తించదు. వెడల్పు ఎంత ఉన్నా పక్క పలకలకు ఒక షీటు పడుతుంది, ఆ 3,680 ఏడడుగులకు పంచితే అడుగుకు 526 అవుతుంది, మూడడుగులకు పంచితే 1,227 అవుతుంది. ఇన్నాళ్లూ ఆ భారాన్ని పెద్ద వార్డ్‌రోబ్‌లు చేయించుకున్నవారే తెలియకుండా మోశారు. ఇప్పటికే బయానా ఇచ్చినవారి ధరలు మాత్రం ఒప్పుకున్నట్లే ఉంటాయి. వారికి కూడా షీట్ల లెక్క కావాలంటే అడిగిన రోజే పంపిస్తాను.