ఫ్రీవీల్ రిమూవర్ మీద ఫిర్యాదు: వైస్‌లో బిగించడం దుర్వినియోగం ఎలా అవుతుంది?

కస్టమర్ కేర్ విభాగం వారికి,

నమస్కారం. మీ దగ్గర కొన్న, సైకిల్ వెనక చక్రం మీది పళ్లచక్రాల గుత్తిని విప్పే రెండు గాట్ల ఫ్రీవీల్ రిమూవర్ కొమ్ములు వంగిపోయాయి, డబ్బు వాపసు ఇవ్వండి అని రాస్తే, "ప్రొడక్ట్‌ని వైస్‌లో పెట్టి వాడారు కాబట్టి ఇది దుర్వినియోగం కిందికి వస్తుంది, వారంటీ వర్తించదు" అని మీరు జవాబు పంపారు. ఆ జవాబు చదివాక కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ కలిగింది. ఈ టూల్ అమ్ముతున్న వాళ్లకే అది ఎలా పని చేస్తుందో తెలియకపోతే కొనేవాళ్ల గతి ఏంటి? అందుకే ఈసారి ఫోటోలతో పాటు జరిగింది మొత్తం వివరంగా రాస్తున్నాను. దయచేసి ఈ లేఖను టూల్స్ తెలిసిన మనిషికి చూపించండి, ముందే టైప్ చేసి పెట్టుకున్న జవాబు మళ్లీ పంపొద్దు.

మాది విశాఖపట్నం. నా దగ్గర ఉన్నది పాత జపాన్ రోడ్ సైకిల్, వెనక చక్రానికి అల్యూమినియం హబ్, దాని మీద అయిదు పళ్లచక్రాల సన్‌టూర్ పర్ఫెక్ట్ ఫ్రీవీల్. కుడివైపు ఒక స్పోక్ హబ్ దగ్గర తెగింది. ఆ వైపు స్పోక్ మార్చాలంటే ఫ్రీవీల్ విప్పాల్సిందే, పెద్ద పళ్లచక్రం అడ్డం ఉంటుంది కాబట్టి కొత్త స్పోక్‌ని హబ్ రంధ్రంలోంచి దూర్చడానికి చోటు ఉండదు. ఈ ఫ్రీవీల్‌కి మధ్యలో ఎదురెదురుగా రెండు గాట్లు ఉంటాయి. మీ పేజీలో "రెండు గాట్ల ఫ్రీవీల్స్‌కి సరిపోతుంది" అని రాసి, సన్‌టూర్ పేరు కూడా వేశారు. అది చూసే కొన్నాను.

ఇలాంటి ఫ్రీవీల్ ఎందుకు అంత గట్టిగా పట్టుకుంటుందో మీ కాల్ సెంటర్‌లో మాట్లాడిన బాబుకి తెలిసినట్టు లేదు. ఇది హబ్ మీద మామూలు కుడి మరతో ఎక్కుతుంది. గొలుసు లాగే దిశ, మర బిగిసే దిశ ఒకటే. అంటే మనం తొక్కిన ప్రతిసారీ అది ఇంకాస్త బిగుస్తుంది, ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు పెద్ద పళ్లచక్రం మీద నిలబడి తొక్కితే మరీనూ. పైగా ఉక్కు ఫ్రీవీల్, అల్యూమినియం హబ్, మధ్యలో మా ఊరి ఉప్పుగాలి. ఏళ్ల తరబడి విప్పకపోతే ఆ రెండు లోహాల మధ్య తెల్లటి తుప్పు పట్టి అతుక్కుపోతాయి. పళ్లచక్రాన్ని గొలుసు ముక్కతో పట్టుకునే చెయిన్ విప్‌తో తిప్పుదామంటే కుదరదు, విప్పే వైపు తిప్పితే పళ్లచక్రాలు ఊరికే తిరుగుతాయి, అందుకే దాన్ని ఫ్రీవీల్ అంటారు. పట్టు దొరికేది లోపలి భాగానికి ఉన్న ఆ రెండు గాట్లలోనే. అవి పోతే ఇక విప్పే మార్గం దాన్ని పాడుచేయడమే.

ఇప్పుడు వైస్ సంగతి. పెద్ద పానాతో తిప్పాలని మీరు అంటున్నారు. అడుగు పొడవున్న పానాని ఒక చివర పట్టుకుని లాగితే టూల్ తిరగడమే కాదు, ఒక పక్కకి ఒరుగుతుంది కూడా. ఒరిగిందంటే ఒక కొమ్ము గాటిలోంచి పైకి లేస్తుంది, భారమంతా రెండో కొమ్ము అంచు మీద పడుతుంది, అక్కడే గాటు చిట్లుతుంది. అదే టూల్ తలని వైస్‌లో బిగించి, చక్రాన్ని దాని మీద బోర్లించి, రిమ్‌ని రెండు చేతులతో ఎదురెదురుగా పట్టుకుని తిప్పితే రెండు చేతుల బలం సమానంగా పడుతుంది, ఒరగడం ఉండదు, ఒట్టి మెలి మాత్రమే ఉంటుంది. నా చక్రానికి మధ్య నుంచి రిమ్ దాకా దాదాపు 31 సెం.మీ. ఒక్కో చేత్తో 20 కిలోల బలం పెడితే చాలు, అడుగు పానా మీద ఒంటి చేత్తో 40 కిలోలు పెట్టినంత మెలి వస్తుంది. అసలు మీ టూల్‌కి ఆరు పలకల తల పెట్టిందే అలా పట్టుకోవడానికి. సైకిల్ మెకానిక్‌లు దశాబ్దాలుగా ఇలాగే విప్పుతున్నారు. గాట్లకి అన్నిటికన్నా తక్కువ ప్రమాదం ఉన్న పద్ధతిని మీరు దుర్వినియోగం అంటున్నారు.

నేను చేసిందేమిటో వరుసగా చెబుతాను. గాట్లలో ఉన్న మురికిని, ఎండిన గ్రీజుని సన్నటి సూదితో గీకి, కిరోసిన్‌తో కడిగాను. హబ్‌కీ ఫ్రీవీల్‌కీ మధ్య సందులో తుప్పు వదిలించే నూనె వేసి రాత్రంతా అలాగే ఉంచాను. పొద్దున చక్రాన్ని ఫ్రేమ్‌కి బిగించే క్విక్ రిలీజ్ కడ్డీకి ఉన్న స్ప్రింగులు తీసేసి, టూల్‌ని గాట్లలో కూర్చోబెట్టి, కడ్డీని దాని గుండా దూర్చి నట్టు బిగించాను. ఆ నట్టే టూల్‌ని గాట్లలోంచి లేవకుండా పట్టుకుంటుంది, రెండు గాట్ల రకానికి ఇది లేకుండా మొదలుపెట్టనే కూడదు. తర్వాత తలని వైస్‌లో బిగించి చక్రాన్ని ఎడమవైపుకి, అంటే గడియారం ముల్లు తిరిగే దిశకి ఎదురుగా తిప్పాను. (చక్రం బోర్లించాం కదా, దిశ మారుతుందేమో అని కొందరు తికమకపడి ఇంకా బిగిస్తారు. ఇక్కడ తిరిగేది టూల్ కాదు, చక్రం, కాబట్టి పైనుంచి చూస్తే కూడా ఎడమవైపే.)

కాస్త బలం పెట్టగానే చక్రం మెత్తగా కదిలింది. ఫ్రీవీల్ వదిలితే అలా ఉండదు, టక్కుమని చప్పుడు వచ్చి ఒక్కసారిగా జారుతుంది. మెత్తగా కదిలిందంటే ఎక్కడో లోహం వంగుతోందన్న మాట. వెంటనే ఆపి విప్పి చూస్తే మీ టూల్ రెండు కొమ్ముల అంచులూ ఒరిగిపోయి ఉన్నాయి, ఫ్రీవీల్ ఒక గాటు పెదవి కూడా కొంచెం లేచింది.

ఎందుకిలా అయిందో వంగని భాగాలు చూస్తే తెలిసింది. ఫోటో 2 చూడండి. కొమ్ము మొదట్లో, అది టూల్ ముఖాన్ని కలిసే మూలలో, గుండ్రంగా లోహం మిగిలిపోయింది. సరిగ్గా చెక్కి ఉంటే ఆ మూల నిటారుగా ఉండాలి. ఆ గుండ్రటి భాగం గాటి అంచుకి తగిలి కొమ్ముని అడుగుదాకా దిగనివ్వడం లేదు. టూల్‌ని గట్టిగా నొక్కిపెట్టి పక్కనుంచి టార్చ్ వేస్తే టూల్ ముఖానికీ ఫ్రీవీల్‌కీ మధ్య వెలుతురు కనిపిస్తుంది, ఫోటో 3 అదే. అంటే మోయాల్సిన భారమంతా కొమ్ముల చివరి అంచుల మీదే పడింది. ఇక ఉక్కు విషయం. కొమ్ము పక్కన ఆకురాయితో ఒక్కసారి గీస్తే రజను రాలింది. మా ఊరి పాత సైకిల్ షాపు పెద్దాయన దగ్గరున్న రిమూవర్ మీద అదే ఆకురాయితో గీస్తే గీత పడటమే కష్టమైంది. మీ టూల్‌కి గట్టిపరిచే వేడి ప్రక్రియ సరిగ్గా జరగలేదని నా నమ్మకం. కాదంటే మీ దగ్గరున్న స్టాక్‌లోంచి ఒకటి తీసి మీరే గీసి చూడండి.

ఆ పెద్దాయన టూల్‌తోనే చివరికి పని అయింది. లేచిన గాటు పెదవిని సన్న ఆకురాయితో సరిచేసి, ఆయన టూల్‌ని అడుగుదాకా దింపి, అదే కడ్డీ, అదే వైస్, అదే దిశలో తిప్పితే టక్కుమని వదిలింది. పద్ధతి తప్పయితే రెండోసారి కూడా తప్పే కావాలి కదా?

ఇంకో విషయం టూల్‌తో పాటు వచ్చిన మీ సూచనల కాగితం గురించి, ఇది నా డబ్బు కన్నా ముఖ్యం. అందులో "క్విక్ రిలీజ్‌ను పూర్తిగా బిగించి, ఫ్రీవీల్ బయటికి వచ్చేవరకు తిప్పండి" అని ఉంది. దయచేసి ఆ వాక్యం తీసేయండి. ఈ మరకి అంగుళానికి 24 చుట్లు ఉంటాయి, అంటే ఒక చుట్టు తిరిగితే ఫ్రీవీల్ హబ్ నుంచి 1 మి.మీ. పైచిలుకు బయటికి వస్తుంది. అది టూల్‌ని కూడా తోసుకుంటూ వస్తుంది. నట్టు బిగించే ఉంటే కడ్డీ సాగుతుంది, లేదా నట్టు మరలు ఊడిపోతాయి, యాక్సిల్ మీద కూడా అనవసరమైన ఒత్తిడి పడుతుంది. టక్కుమని వదిలిన మరుక్షణం ఆగి, నట్టుని కొంచెం వదులు చేసి, ఇంకొంచెం తిప్పి, మళ్లీ వదులు చేయాలి, ఆ తర్వాత నట్టు తీసేస్తే చేత్తోనే వచ్చేస్తుంది. మీ కాగితం నమ్మి చేసేవాళ్లలో ఎంతమంది కడ్డీలు పాడుచేసుకున్నారో.

మీ బాబు ఫోన్‌లో ఇచ్చిన సలహా, "ఉలి పెట్టి సుత్తితో కొట్టండి సార్", ఇంకెవరికీ ఇవ్వొద్దని చెప్పండి. అలా కొడితే గాటు పగులుతుంది. ఆ తర్వాత మిగిలేది ఫ్రీవీల్‌ని విడదీయడమే: పైనున్న కోన్‌కి ఎడమ మర ఉంటుంది, దాన్ని గడియారం ముల్లు దిశలో తట్టి విప్పితే సన్న బాల్స్ అన్నీ రాలిపోతాయి, అప్పుడు లోపలి భాగాన్ని నేరుగా వైస్‌లో పట్టి చక్రం తిప్పాలి. హబ్ దక్కుతుంది, ఫ్రీవీల్ మాత్రం పోయినట్టే. ఆ పాత సన్‌టూర్ ఇప్పుడు ఏ షాపులో అడిగినా దొరకదు. విసుగొచ్చి మిగతా స్పోక్స్ కత్తిరించేసే వాళ్లూ ఉంటారు, అప్పుడు పట్టుకోవడానికి రిమ్ ఉండదు, హబ్ మీద ఫ్రీవీల్ అలాగే ఉండిపోతుంది.

నేను అడుగుతున్నవి ఇవి. టూల్ ధర, పంపిన ఖర్చుతో సహా పూర్తిగా వాపసు ఇవ్వండి. బదులుగా ఇంకో ముక్క పంపొద్దు, అదే స్టాక్‌లోంచి వస్తుంది కాబట్టి నాకు వద్దు. కొమ్ము మూలలు సరిచేసి, ఉక్కు గట్టిదనం పరీక్షించేదాకా మీ పేజీలో సన్‌టూర్ పేరు తీసేయండి. కాగితంలో నట్టు వదులు చేసే మాట చేర్చండి. వైస్ వాడితే వారంటీ లేదనే నియమం నిజంగా ఉంటే అది కొనకముందే పేజీలో కనపడేలా రాయండి, ఇప్పుడైతే ఎక్కడా లేదు.

వంగిన టూల్ నా దగ్గరే ఉంది, మీ ఖర్చుతో పికప్ పెడితే పంపిస్తాను. బిల్లు, ఫోటోలు, మీ పాత జవాబు దీనికి జతచేశాను. పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఇవే కాగితాలతో ఫిర్యాదు నమోదు చేస్తాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు,
విశాఖపట్నం