నెలసరి ఆగితే చెడు రక్తం పేరుకుంటుందా?

సంపాదకుల వారికి నమస్కారం.

మాత్రలతో నెలసరి ఆపుకుంటే చెడు రక్తం లోపలే పేరుకుపోతుందని మీ పేపర్లో ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం చదివాను. అది నిజం కాదు. గర్భనిరోధక మాత్ర వాడేటప్పుడు గర్భాశయం లోపలి పొర మందంగా పెరగదు, కాబట్టి పేరుకోవడానికి అక్కడ ఏమీ ఉండదు. ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్ ప్యాకెట్లో 21 హార్మోన్ మాత్రలు, 7 ఐరన్ మాత్రలు ఉంటాయి. ఆ ఐరన్ వారంలో కనిపించేది హార్మోన్ ఆపడం వల్ల వచ్చే రక్తమే, అది రాకపోతే ఒంటికి నష్టమేమీ లేదు.

మా పిన్ని కూతురు బీసెంట్ రోడ్డులో బట్టల షాపులో పనిచేస్తుంది, రోజంతా నిలబడాలి, బ్లీడింగ్ ఎక్కువై రక్తం బాగా తగ్గిపోయింది. డాక్టరమ్మ స్కానింగ్ చేయించి, బీపీ చూసి, హార్మోన్ మాత్రలు అయిపోగానే విరామం లేకుండా కొత్త ప్యాకెట్ మొదలుపెట్టమంది, ఐరన్ వారం మానేస్తున్నావు కాబట్టి ఐరన్ మాత్రలు విడిగా వేసుకోమని కూడా చెప్పింది (ఈ సంగతి చాలామందికి తట్టదు). రెండో ప్యాకెట్ మధ్యలో మరకలు కనిపించేసరికి ఇంట్లో అందరికీ టెన్షన్. డాక్టరమ్మ మాత్రం ముందు అడిగింది మాత్రలు మరిచిపోయావా అని, ఎందుకంటే మరకలకు పెద్ద కారణం అదే. మరవలేదని తేలాక, మొదటి మూడు నుంచి ఆరు నెలలు ఇలా ఉంటుంది, పోనుపోను తగ్గుతుంది అంది. మూడు నాలుగు రోజులైనా ఆగకపోతే, వరసగా కనీసం 21 హార్మోన్ మాత్రలు వేసుకున్న తర్వాతే, నాలుగు రోజులు మానేసి, రక్తం ఆగినా ఆగకపోయినా ఐదో రోజు మళ్లీ మొదలుపెట్టాలట. విరామం ఏడు రోజులు దాటితే గర్భం రాకుండా ఉంటుందన్న భరోసా ఉండదు, అదీ అసలు ప్రమాదం. నెలల తరబడి ఏమీ లేకుండా ఉండి ఒక్కసారిగా మరకలు మొదలైనా, కలయిక తర్వాత రక్తం కనిపించినా పరీక్ష చేయించుకోవాలి.

ఈ మాత్ర అందరికీ కాదు. కళ్ల ముందు మెరుపులు వచ్చి తర్వాత తలనొప్పి పట్టుకునే మైగ్రేన్ ఉన్నవాళ్లు, బీపీ ఉన్నవాళ్లు, రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు, 35 దాటి సిగరెట్ తాగేవాళ్లు, పసిబిడ్డకు పాలిచ్చేవాళ్లు వాడకూడదు. నెలసరిలో కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయేవాళ్లకి, గర్భాశయం లోపలి పొరలాంటిది బయట పెరిగే ఎండోమెట్రియోసిస్ జబ్బు ఉన్నవాళ్లకి మాత్రం నిజంగా మేలు చేస్తుంది. ఏ జబ్బూ లేకపోయినా నెలనెలా ఈ బాధ నాకొద్దు అనుకునే ఆడమనిషికి కూడా, బీపీ బాగుంటే, ఆ హక్కు ఉంది.

పెళ్లికో తిరుపతి ప్రయాణానికో మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే నోరెథిస్టిరాన్ మాత్ర వేరు, అది వాడుతున్నన్నాళ్లు గర్భం రాదని అనుకోవద్దు. షాపులో ఎవరూ ఆ మాట చెప్పరు. ఈ రెండింటికీ తేడా, ఎవరు వాడకూడదో ఆ వివరం తెలుగులో ఒక కాగితం మీద అచ్చువేసి, మాలా-ఎన్ ప్యాకెట్తో పాటు ఏఎన్ఎంల చేత ఇప్పించమని ఆరోగ్య శాఖను కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, మొగల్రాజపురం, విజయవాడ