75 టన్నులను 45 అని అచ్చు వేస్తే ఎలా?

సంపాదకులు గారికి నమస్కారం.

పన్నెండు రోజుల కిందట మీ పత్రిక విద్యా పేజీలో చక్కెర సాంకేతిక పరీక్షలకు చదివేవారి కోసం నమూనా ప్రశ్నలు, జవాబులు ఇచ్చారు. మర్నాడు కాకపోతే ఆ మర్నాడైనా సవరణ వేస్తారని ఎదురు చూశాను. వేయలేదు. మొన్న ఫోను చేస్తే, ప్రశ్నలు ఒక శిక్షణ సంస్థ పంపిందనీ, తాము ఉన్నవి ఉన్నట్టు వేశామనీ మీ కార్యాలయంలో ఒకరు చెప్పి పెట్టేశారు. అందుకే ఈ ఉత్తరం. నేను ఈ గోదావరి డెల్టాలోనే ఒక చక్కెర కర్మాగారం ప్రయోగశాలలో కెమిస్టుగా పనిచేసి విరమించాను. నా మనవరాలు ఇప్పుడు అదే చదువు చదువుతోంది. ఆ పేజీ తెచ్చి నా ముందు పెట్టి, "తాతయ్యా, నా లెక్క ఎక్కడ తప్పింది?" అని అడిగింది. ఆమె లెక్కలో తప్పేమీ లేదు, మీరు వేసిన జవాబే తప్పు.

ప్రశ్న ఇది. శుద్ధి చేసిన చెరకు రసం 100 టన్నులు, బ్రిక్స్ 15. దాన్ని 60 బ్రిక్స్ సిరప్ చేయాలంటే ఎంత నీరు ఆవిరి కావాలి? మీ జవాబు 45 టన్నులు. కింద వివరణ కూడా వేశారు: 60 లోంచి 15 తీసేస్తే 45 అని. శాతాలను శాతాల్లోంచి తీసి టన్నులు అని రాస్తే లెక్క అయిపోతుందా?

బ్రిక్స్ 15 అంటే 100 టన్నుల రసంలో కరిగి ఉన్న పదార్థం 15 టన్నులు. ఆవిరయ్యేది నీరు ఒక్కటే. కరిగిన పదార్థం ఎక్కడికీ పోదు, ఆ 15 టన్నులూ సిరప్‌లోనే ఉంటాయి. సిరప్‌లో అది నూటికి 60 పాళ్లు కావాలి. 15 టన్నులు నూటికి 60 పాళ్లు కావాలంటే మొత్తం సిరప్ 25 టన్నులే ఉండాలి. వంద లోంచి పాతిక పోతే మిగిలిన 75 టన్నులు ఆవిరి కావలసిన నీరు. రసం తూకాన్ని, 1 లోంచి 15/60 తీసివేయగా వచ్చినదానితో గుణించాలి. సూత్రం అంతే.

మీ జవాబును ఎవరైనా ఒక్క నిమిషం తిరగేసి చూసినా తప్పు తెలిసేది. 45 టన్నులు ఆవిరైతే 55 టన్నులు మిగులుతుంది. అందులో కరిగిన పదార్థం 15 టన్నులు. బ్రిక్స్ ఎంత? 27 చిల్లర. అంటే మీ లెక్క ప్రకారం చేస్తే 60 బ్రిక్స్ అని ప్రశ్నలో అడిగిన సిరప్ సగం కూడా చిక్కబడదు. అచ్చుకు పంపేముందు ఈ పని ఒక్కరూ చేయలేదన్నది నాకు మింగుడు పడటం లేదు.

ఇంతటితో ఆగితే నేనూ ఆగేవాడిని. తర్వాతి ప్రశ్నలో ఆ 45నే పట్టుకుని, రసంలో నీటిని మరిగించి తీసే నాలుగు బాడీల ఎవాపరేటర్‌కు 11.25 టన్నుల ఆవిరి చాలని తేల్చారు. బాడీ అంటే రసం మరిగే మూత పాత్ర. నాలుగు బాడీలు వరసగా ఉంటే బయటి నుంచి ఆవిరి మొదటి బాడీకే ఇస్తారు. అక్కడ రసంలోంచి లేచిన ఆవిరి రెండోదాన్ని మరిగిస్తుంది, రెండోదాని ఆవిరి మూడోదాన్ని. వెనక బాడీలు తక్కువ వేడికే మరిగేలా వాక్యూం పెడతారు, చివరిదాంట్లో సిరప్ 55, 60 డిగ్రీల దగ్గరే మరుగుతూ ఉంటుంది. అందుకే ఒక టన్ను ఆవిరి, పరీక్ష లెక్కకు, సుమారు నాలుగు టన్నుల నీటిని తీస్తుంది. నష్టాలను వదిలేసి చూసినా 75ను నాలుగుతో భాగిస్తే 18.75 టన్నులు కావాలి. మీరు చెప్పిన 11.25 నమ్ముకుని బాయిలర్ నడిపితే ప్రతి వంద టన్నుల రసానికీ ఏడున్నర టన్నుల ఆవిరి తక్కువ పడుతుంది. ఇక సిరప్ పలచగానే, చక్కెర గింజ కట్టించే పాన్‌కు వెళుతుంది, పాన్‌లో వంట గంటలు సాగుతుంది, అంతసేపు వేడిలో మరిగి చక్కెర రంగు మారుతుంది. పరీక్షలో ఒక మార్కు అనుకుని చదివిన పిల్లలు రేపు షిఫ్టు ఇన్‌చార్జిలవుతారని ఎవరికైనా గుర్తుందా?

మా మనవరాలికి ఈ మాట పలక మీద కాకుండా కళ్లతో చూపించాలనిపించింది. మా చుట్టాల ఊళ్లో ఒక రైతు ఇంకా బెల్లం వండుతున్నాడు. ఆదివారం అక్కడికి తీసుకెళ్లాను. గానుగ రసాన్ని డబ్బాలతో తూచి పెనంలో పోయించాం. 500 కిలోలు వచ్చింది. హైడ్రోమీటర్ వేస్తే బ్రిక్స్ 18. అంటే కరిగిన పదార్థం 90 కిలోలు. బెల్లంలో తేమ నూటికి ఐదు పాళ్లు అనుకుంటే దాదాపు 95 కిలోల బెల్లం రావాలి, తెట్టుతో పోయేది తీసేస్తే ఇంకొంచెం తగ్గాలి. కాగితం మీద ఈ అంకె ముందే రాసి పెట్టమన్నాను. పిప్పి మంట ఎగదోశాక నురగ పైకి లేచింది. రైతు భార్య పొడుగుపిడి జల్లెడ గరిటెతో తెట్టు తీసి పక్కన పోస్తూనే ఉంది. బెండ జిగురు చల్లాక మడ్డి ఇంకా గట్టిగా పైకి తేలింది. చివరలో నురగ తగ్గి బుడగలు పెద్దవై, చిటచిట శబ్దం మారింది. థర్మామీటర్ 117 దగ్గర ఆడుతోంది. రైతు దాన్ని చూడనే లేదు. పాకం చుక్కను గిన్నెలో చన్నీళ్లలో వేసి, వేళ్లతో ఉండ చేసి, రాతికి కొట్టాడు. టక్కుమంది. "ఇక దింపాలమ్మా" అన్నాడు. పదేసి కిలోల దిమ్మలు తొమ్మిది అయ్యాయి, పైన కొంచెం మిగిలింది. పిల్ల ముందే రాసుకున్న కాగితం రైతుకు చూపించింది. మీ పత్రిక పద్ధతిలో పెనం వండితే ఆ ఇంట్లో బెల్లం అచ్చుల్లో కాకుండా బిందెల్లో ఉండేది.

60 బ్రిక్స్ దగ్గరే ఎందుకు ఆపుతారన్న ప్రశ్నకూ మీరు వేసిన జవాబు "అదే ప్రామాణికం". ఇదేం జవాబు? 30 డిగ్రీల వేడి దగ్గర 100 పాళ్ల ద్రావణంలో 68 పాళ్ల వరకు చక్కెర కరిగి ఉండగలదు. 60 బ్రిక్స్ సిరప్ తొట్టిలో చల్లారినా గింజ కట్టదు. అంతకంటే చిక్కబడితే బాడీల గొట్టాల్లో కదలిక మందగించి, వేడి అందడం తగ్గుతుంది. గింజ పుట్టవలసింది పాన్‌లో, పాన్‌మన్ కళ్లముందు. అతడు విత్తు గింజ వేశాక కొత్త గింజ అక్కర్లేకుండా తలెత్తితే, సిరప్ ఇంకా గింజ కట్టని చిక్కదనంలో ఉంటేనే దాన్ని లోపలికి పోసి ఆ సన్న గింజను కరిగించగలడు. అది కరగకుండా ఉండిపోతే, గింజల నుంచి మొలాసిస్‌ను వడకట్టే సెంట్రిఫ్యూగల్ జల్లెడ మూసుకుపోయి, మొలాసిస్ వదలక చక్కెర పసుపుగా, తడిగా దిగుతుంది. నా ఉద్యోగంలో రాత్రి షిఫ్టు గొడవల్లో సగం ఇక్కడే మొదలయ్యేవి.

ఇంకొక్కటి రాసి ముగిస్తాను. రసంలో సున్నం ఎందుకు కలుపుతారన్న ప్రశ్నకు "రసాన్ని తెల్లగా చేయడానికి" అని ఇచ్చారు. పచ్చి రసం పీహెచ్ ఐదు, ఐదున్నర మధ్య ఉంటుంది. ఆ పులుపుతో వేడి చేస్తే సుక్రోజ్ విరిగి గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అవుతుంది. విరిగినది మళ్లీ గింజ కట్టదు, పక్కనున్న చక్కెరనూ కట్టనివ్వదు. సున్నం ఆ పులుపును చంపి పీహెచ్‌ను ఏడు దగ్గరికి తెస్తుంది. రసంలోని ఫాస్ఫేటుతో కలిసి కాల్షియం ఫాస్ఫేట్ అయి, ముద్దలుగా కట్టి, మడ్డిని పట్టుకుని అడుగుకు దిగుతుంది. లీటరు రసంలో ఆ ఫాస్ఫేటు 300 మిల్లీగ్రాముల పైన లేకపోతే ఎంత సున్నం పోసినా రసం తేటపడదు, సూపర్ ఫాస్ఫేట్ కలపాల్సి వస్తుంది. తెలుపు తెచ్చేది గంధకపు వాయువు. సున్నం ఎక్కువైతే గ్లూకోజ్ విరిగి రసం ఎర్రబారి నల్లబడుతుంది. అంటే మీ జవాబు విన్నవాడు రంగు రాలేదని ఇంకా సున్నం పోస్తే రంగు ఇంకా చెడుతుంది.

తెలుపే శుద్ధి అనే ఈ భ్రమ ఇక్కడే ఆగడం లేదు. బెల్లం కొనేవాళ్లు పసుపుదనమే చూస్తారు, వర్తకుడు దానికే ధర ఇస్తాడు, రైతు ఆ ధర కోసం పెనంలో హైడ్రోస్ అనే గంధకపు రసాయనం చల్లుతాడు. ఆ రంగు కొన్ని వారాలకే పోతుంది, గంధకం మాత్రం బెల్లంలో మిగులుతుంది. తనిఖీకి వచ్చే అధికారులు నమూనా తీసుకుని వెళతారే గానీ, సున్నం ఎంత వేయాలో, నరికిన చెరకును మూడు రోజులు ఎండలో పడేస్తే రసంలో చక్కెర ఎలా విరుగుతుందో చెప్పే మనిషిని పంపరు. ఎర్రకుళ్లు తెగులు చెరకును ఊడ్చేసినప్పుడు సామర్లకోటలో పరిశోధన క్షేత్రం వెలసిన ప్రాంతం ఇది. ఇక్కడి పిల్లలకు చెరకు రసం గురించి తప్పు చెప్పే పేజీ ఇక్కడి ఎడిషన్‌లోనే రావడం నాకు కష్టంగా ఉంది.

కాబట్టి తప్పుగా వేసిన ఆ మూడు జవాబులకూ అదే పేజీలో, అదే పరిమాణంలో సవరణ వేయండి. 75 టన్నులు, 18.75 టన్నులు, సున్నం వేసేది పులుపు చంపడానికీ మడ్డి దించడానికీ. లోపలి పేజీలో మూల చిన్న అక్షరాల్లో వేస్తే ఆ పేజీని కత్తిరించి గోడకు అంటించుకున్న పిల్లలు చూడరు. మా మనవరాలి హాస్టల్‌లో అలా అంటించినవి ఉన్నాయట. ఆమె వాటిలో ఒకదాని మీద పెన్సిలుతో 45 కొట్టేసి 75 రాసిందట, ఎవరో దాన్ని చెరిపేసి మళ్లీ 45 రాశారట, పత్రికలో అదే ఉంది కదా అని.

ఇట్లు,
విశ్రాంత చక్కెర కెమిస్టు,
తణుకు మండలం, పశ్చిమ గోదావరి జిల్లా