సీసా మీది హెచ్చరిక మా భాషలో లేదు: గడ్చిరోలి జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

కలెక్టర్ గారికి నమస్కారాలు.

మాది సిరొంచ. ఇక్కడ ఇంట్లో తెలుగు, ఆఫీసులో మరాఠీ, మందు సీసా మీద ఇంగ్లీషు.

పోయిన వానాకాలం 14 నెలల మా మనుమరాలికి సర్ది చేసింది. మెడికల్ షాపులో చీటీ అడక్కుండానే సిరప్ ఇచ్చారు. రాత్రికి దగ్గు తగ్గలేదని మా అమ్మాయి, పెద్దోడి కోసం తెచ్చిన ఇంకో సీసాలోంచి కూడా వంటింటి చెంచాతో పోసింది. పేర్లు వేరు కదా, మందులూ వేరే అనుకుంది. రెండింట్లోనూ ఉన్నవి క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్. పొద్దెక్కినా పిల్ల కళ్లు తెరవలేదు, పాలు పట్టలేదు. ఆసుపత్రిలో ఒక రోజంతా ఊపిరి చూసుకుంటూ కూర్చున్నాం. తేరుకుంది.

ఈ రెండు మందుల మిశ్రమాన్ని నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడకూడదని సీసా మీద రాయాలని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులోనే చెప్పింది. మా సీసా మీద అది ఉంది, చిన్న అక్షరాల్లో, ఇంగ్లీషులో. 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ, రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయనే వద్దని, ఐదేళ్ల లోపు వారికి కూడా మామూలుగా మంచిది కాదని చెప్పింది. అప్పుడు మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పిల్లల ప్రాణాలు తీసింది సిరప్‌లో కలిసిన డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం. మా ఇంట్లో జరిగింది కల్తీ లేని మందుతోనే. అందుకే సీసాలను పరీక్ష చేయిస్తే చాలదంటున్నాను.

సర్ది వైరస్ వల్ల వస్తుంది, చాలామందికి వారం పది రోజుల్లో పోతుంది. ఏ సిరప్పూ దాన్ని ముందుగా తగ్గించదు. క్లోర్‌ఫెనిరమైన్ మత్తు ఇస్తుంది. పిల్ల పడుకుంటే తల్లి మందు పనిచేసిందనుకుంటుంది. తెమడను బయటికి తోసేది దగ్గే.

మరి తల్లి ఏం చేయాలి? ముక్కు మూసుకుపోతే పసిపిల్ల పాలు తాగలేదు. పాలకు ముందు, పడుకోబెట్టే ముందు ఒక్కో ముక్కు రంధ్రంలో సెలైన్ అనే ఉప్పునీటి మందు రెండు చుక్కలు వేసి, మెత్తని గుడ్డతో తుడిస్తే చాలావరకు తేలికవుతుంది. పాలు కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు పట్టాలి. ఏడాది దాటిన పిల్లకు రాత్రి అర చెంచా తేనె ఇవ్వొచ్చు. ఏడాది లోపు మాత్రం తేనె చుక్క కూడా వద్దు, బొటులిజం అనే జబ్బు రావచ్చు. ముక్కులో నూనె పోయడం, కర్పూరం రుద్దడం మానాలి.

డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగకున్నా, మత్తుగా ఉన్నా ఆగకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. పిల్ల నెమ్మదిగా ఉన్నప్పుడు ఒక నిమిషం పూర్తిగా ఊపిరి లెక్కపెట్టాలి. రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఆపైన ఐదేళ్ల వరకు 40 లేదా ఎక్కువ వస్తే న్యుమోనియా అనుమానించాలి. రెండు నెలల లోపు పిల్లకు 60 వచ్చినా, లెక్కతో పని లేకుండా జబ్బుగా కనిపించినా వెంటనే చూపించాలి.

నేను కోరేవి రెండే. వానలు మొదలవక ముందే సిరొంచ తాలూకాలోని ప్రతి మెడికల్ షాపులో, చీటీ లేకుండా చిన్నపిల్లల దగ్గు మందు ఇవ్వరని తెలుగులో, మరాఠీలో పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టించండి. ఆశా కార్యకర్తల సంచిలో సెలైన్ చుక్కల సీసాలు ఉంచండి. బోర్డు మీద తెలుగు మాటలు రాసిచ్చే పని నేను చేస్తాను.

ఇట్లు,
సిరొంచ నుంచి ఒక అమ్మమ్మ